దస్తావేజు ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతి: తేదీ ముందు, వెర్షన్ నంబరు చివర

కావలిలో దస్తావేజులు రాసి, టైపు చేసి ఇచ్చే చిన్న ఆఫీసు మాది. ఒకప్పుడు మా కంప్యూటరులో ఒకే స్థలానికి సంబంధించిన ఫైళ్లు ఈ విధంగా ఉండేవి.

```
sale deed final.docx
sale deed final (1).docx
sale deed FINAL new.docx
sale deed final corrected party ok.docx
```

ఈ నాలుగింటిలో ఏది ప్రింటు తీయవలసినదో పేర్లను బట్టి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. నేను "మార్చిన తేదీ" వరుసలో పెట్టి, అన్నిటికంటే పైకి వచ్చిన దానిని ప్రింటు తీశాను. సంతకాలకు ముందు చదివి వినిపిస్తుండగా కొనేవారు ఆపి, "అన్నా, ముప్పై మూడు అంకణాలకు 264 గజాలు రావాలి గదా, ఇందులో 240 ఉందేంది?" అని అడిగారు. నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు కాబట్టి, 240 గజాలు అనేది 30 అంకణాలని పొరపాటుగా రాసుకున్న పాత చిత్తులోని అంకె. ఆ ముందురోజు సాయంత్రం సరిచేసిన ఫైలును పాతదానితో పోల్చి చూడడానికి రెండింటినీ తెరిచి, మూసేటప్పుడు అలవాటుగా పాతదానిని కూడా సేవ్ చేశాను. అందువల్ల పాత ఫైలుకు కొత్త సమయం పడి, అదే పైకి వచ్చింది. రెండు స్టాంపు కాగితాలు పాడయ్యాయి.

"మార్చిన తేదీ" అనేది ఆ ఫైలును ఎవరు ఎప్పుడు సేవ్ చేశారో మాత్రమే చెబుతుంది, అందులోని విషయం ఎంత కొత్తదో చెప్పదు. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వెళ్లి తిరిగి వచ్చిన ఫైలుకు సాధారణంగా దించుకున్న రోజే ఆ గడిలో కనబడుతుంది. కాబట్టి ఏ ఫైలు ఏదో, ఎన్నవదో దాని పేరులోనే ఉండాలి. దానికి మేము పాటిస్తున్న పద్ధతిని దస్తావేజు పనినే ఉదాహరణగా తీసుకుని కింద వివరిస్తున్నాను.

తేదీని సంవత్సరంతో మొదలుపెట్టండి

మనం తేదీని రోజు, నెల, సంవత్సరం అనే క్రమంలో రాస్తాము. కంప్యూటరుకు మాత్రం ఫైలు పేరులోని తేదీ తేదీగా తెలియదు, అది ఎడమ నుంచి కుడికి పోల్చుకుంటూ పోయే అక్షరాల వరుస మాత్రమే. అందుచేత మన అలవాటు ప్రకారం రాసిన పేర్లను వరుసలో పెట్టమంటే ముందుగా రోజును చూసి, 2022 నవంబరు ఫైలును 2024 జనవరి ఫైలు తరువాత పెడుతుంది.

```
03-12-2023_ec.pdf
04-01-2024_ec.pdf
05-11-2022_ec.pdf
```

అదే తేదీని పెద్దదాని నుంచి చిన్నదానికి, అంటే నాలుగంకెల సంవత్సరం, రెండంకెల నెల, రెండంకెల రోజు అనే క్రమంలో రాస్తే, అక్షరాల వరుసే కాలక్రమం అవుతుంది.

```
2022-11-05_ec.pdf
2023-12-03_ec.pdf
2024-01-04_ec.pdf
```

ఇది 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న రూపం. ఇందులో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఒంటి అంకె నెలకు, రోజుకు ముందు సున్నా తప్పనిసరి, `2024-3-5` అని రాస్తే ఆ మేరకు వరుస చెడుతుంది. సంవత్సరాన్ని `24` అని కుదించకూడదు, ఎందుకంటే `24-03-11` అనే పేరును చూసినవారు అది 2024 మార్చి 11వ తేదీయో, 2011 మార్చి 24వ తేదీయో తేల్చుకోలేరు, దస్తావేజుల్లో ఆ రెండూ సాధ్యమే.

ఏ తేదీ వేయాలో ముందే నిర్ణయించుకోండి

తేదీ ఎలా రాయాలన్నది సులభంగానే కుదురుతుంది, ఏ తేదీ రాయాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. ఒక క్రయ దస్తావేజుకు ఎన్ని తేదీలు ఉంటాయో చూడండి. పార్టీ వచ్చి పని అప్పగించిన రోజు ఒకటి, చిత్తు తయారైన రోజు ఒకటి, సంతకాలు చేసి రాసి ఇచ్చిన రోజు ఒకటి, రిజిస్టరు అయిన రోజు ఒకటి, దానిని మనం స్కాన్ చేసిన రోజు మరొకటి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం రాసి ఇచ్చిన నాటి నుంచి నాలుగు నెలల లోపు దస్తావేజును రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవచ్చు కాబట్టి, రాసి ఇచ్చిన తేదీకి, రిజిస్టరు తేదీకి మధ్య వారాలు గడవడం వింతేమీ కాదు. ఒక ఫైలుకు ఒక తేదీ, మరొకదానికి మరొక తేదీ వేస్తూ పోతే ఆ వరుసను నమ్మి ఏమీ వెతకలేము.

మా నియమం ఇది. పూర్తయిపోయి ఇక మారని కాగితానికి ఆ కాగితం మీద ఉన్న తేదీనే వేస్తాము. సంతకాలైన ప్రతికి రాసి ఇచ్చిన తేదీ, రిజిస్టరైన ప్రతికి రిజిస్టరు తేదీ, స్థలం మీది లావాదేవీలను చూపే ఈసీకి అది జారీ అయిన తేదీ పడతాయి. స్కాన్ చేసిన తేదీని ఎక్కడా వాడము, 1994 నాటి లింకు దస్తావేజును ఈరోజు స్కాన్ చేసినా దాని పేరు 1994తోనే మొదలవుతుంది. ఈసీ విషయంలో ఒక మాట ఎక్కువ చెప్పాలి. అందులో వెతికిన కాలం వేరు, జారీ అయిన రోజు వేరు, జారీ తరువాత జరిగిన లావాదేవీ అందులో కనబడదు కాబట్టి మనకు ముఖ్యమైనది జారీ తేదీ. అందుకే జారీ తేదీని పేరు మొదట్లోనూ, వెతికిన కాలాన్ని చివరలోనూ పెడతాము.

ఇంకా మారుతూ ఉన్న చిత్తుకు మాత్రం పని మొదలైన తేదీని వేసి, దానిని మళ్లీ కదపము. దీనిని ఒప్పుకోనివారు ఉన్నారు. ప్రతి చిత్తుకు ఆనాటి తేదీ వేస్తే మంచిది కదా అని వారి వాదన. మేమూ కొన్నాళ్లు అలాగే చేశాము. ఒకే రోజున రెండు చిత్తులు తయారైతే తేదీ చాలదు కాబట్టి నంబరు ఎలాగూ కావలసి వస్తుంది. తేదీ, నంబరు రెండూ మారుతూ ఉంటే ఎప్పుడో ఒకసారి నంబరు మార్చి తేదీ మార్చడం మరిచిపోతాము, అప్పుడు మూడవ చిత్తు మీద రెండవ చిత్తు తేదీయే ఉండిపోతుంది. మారేది ఒక్కటే అయితే మరిచిపోవడానికి అవకాశం తక్కువ.

ఫోల్డరు పేరు, అందులోని గీతల సమస్య

సంవత్సరానికి ఒక ఫోల్డరు, దాని లోపల పనికి ఒక ఫోల్డరు చాలు. గ్రామానికి ఒకటి, పార్టీకి ఒకటి, దస్తావేజు రకానికి ఒకటి అంటూ లోపలికి లోపలికి వెళ్తే, విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఫోల్డర్లు, ఫైలు పేరు కలిపి దారి మొత్తం సుమారు 260 అక్షరాలు దాటకూడదన్న పరిమితి ఉన్నందున, ఒకరోజు ఫైలు తెరుచుకోదు, లేదా కాపీ మధ్యలో ఆగిపోతుంది.

```
D:\Dastavejulu\2024\2024-03-11_kraya_musunuru_214-2A
```

పని మొదలైన తేదీ, దస్తావేజు రకం, గ్రామం, సర్వే నంబరు అనే నాలుగు ముక్కలు ఇందులో ఉన్నాయి. (ఈ సర్వే నంబరు ఉదాహరణకు వేసినది మాత్రమే.) ముక్కకు ముక్కకు మధ్య కింది గీత, ముక్క లోపల అడ్డగీత వాడతాము, ఖాళీలు వదలము. రెండు గీతలకు రెండు పనులు ఉండడం వల్ల ఎక్కడ ఏ ముక్క ముగిసిందో చూడగానే తెలుస్తుంది.

సర్వే నంబరును మనం కాగితం మీద 214/2A అని ఏటవాలు గీతతోనే రాస్తాము, దస్తావేజు నంబరునూ, తేదీనీ అంతే. విండోస్ మాత్రం ఆ గీతను ఫైలు పేరులో ఒప్పుకోదు. `\ / : * ? " < > |` అనే తొమ్మిది గుర్తులు అక్కడ నిషిద్ధం. గీత పడకపోతే ఒకరు 2142A అని కలిపేస్తారు, మరొకరు ఖాళీ వదులుతారు, ఇంకొకరు చుక్క పెడతారు. కలిపేయడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే 214/2 అనే నంబరు 2142 అయిపోతే అది వేరొక సర్వే నంబరులా కనబడుతుంది. కాబట్టి ఏటవాలు గీత ఉన్న ప్రతిచోటా అడ్డగీతే వేయాలని ఆఫీసులో అందరూ ఒక మాట మీద ఉండాలి.

పేర్ల స్పెల్లింగు

ఫోల్డరు పేరులో పార్టీ పేరు ఎందుకు లేదని అడగవచ్చు. వెంకటేశ్వర్లు అనే పేరునే తీసుకోండి. దానిని ఇంగ్లీషు అక్షరాల్లో `Venkateswarlu` అని ఒకరు, `Venkateshwarlu` అని ఒకరు, `Venkateswarulu` అని ఇంకొకరు కొడతారు, ఒకటి కొట్టి వెతికితే మిగిలిన రెండూ దొరకవు. పైగా ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవారు ఏటా పదిమందైనా వస్తుంటారు. సర్వే నంబరుకు ఆ బాధ లేదు. పార్టీ పేరు, ఫోల్డరు పేరు పక్కపక్కనే ఉండేటట్లు ఒక ఎక్సెల్ పట్టిక పెట్టుకుంటే పేరుతో వెతకడానికి అది చాలు.

గ్రామం పేరుకూ ఇదే చిక్కు ఉంది. దగదర్తి `Dagadarthi` అవుతుంది, `Dagadarti` అవుతుంది; అల్లూరు `Allur` అవుతుంది, `Alluru` అవుతుంది. మేము కావలి చుట్టుపక్కల నుంచి ఎక్కువగా వచ్చే గ్రామాల పేర్లకు ఒక్కొక్క స్పెల్లింగు నిర్ణయించి, ఒక కాగితం మీద రాసి మానిటరు అంచుకు అంటించాము. దాని కిందనే `kraya`, `danam`, `bhagam`, `gpa`, `ec`, `adangal` అనే రకాల మాటలూ ఉన్నాయి. జాబితాలో లేని మాట కొత్తగా కావలసి వస్తే ముందు ఆ కాగితం మీద రాసి, తరువాతే ఫైలుకు పెట్టాలి. కాగితం అంటించకముందు ఒకే ఏడాదిలో `kraya`, `krayam`, `sale` మూడూ మా కంప్యూటరులో చేరాయి.

పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు కదా అంటే, ఇప్పటి విండోస్, ఆండ్రాయిడ్ రెండూ పెట్టనిస్తాయి. అయితే ఫోన్లలో, సర్వర్లలో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు ఉంటుంది. "క్రయ" అనే మాట కంటికి రెండక్షరాలే అయినా కంప్యూటరు దానిని క, పొల్లు, ర, య అని నాలుగుగా, ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున పన్నెండు బైట్లుగా దాచుకుంటుంది, `kraya` అయితే అయిదే. అంతకంటే ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. పొల్లు తరువాత అక్షరాలు అతుక్కోకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. ఆ గుర్తు ఉన్న పేరు, లేని పేరు తెర మీద ఒక్కలాగే కనబడవచ్చు, కానీ వెతికితే ఒకటి దొరికి ఒకటి దొరకకపోవచ్చు. అందుకని ఫైలు పేరులో తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నాము, తెలుగు లిపి దస్తావేజు లోపల ఎలాగూ ఉంది.

వెర్షన్ నంబరు ఎప్పుడు పెంచాలి

చిత్తు ఫైలు పేరు చివర `_v01` అని చేర్చండి. రెండంకెలు ఎందుకంటే, అక్షరాల వరుసలో `v10` అనేది `v2` కంటే ముందు వస్తుంది. విండోస్ ఎక్స్‌ప్లోరరు అంకెల విలువను చూసి సర్ది చూపిస్తుంది కాబట్టి అక్కడ ఈ తేడా తెలియదు. అదే ఫోల్డరు మరొక పరికరంలోకి వెళ్లినప్పుడు అన్నిచోట్లా ఆ సర్దుబాటు ఉండదు. సున్నా వేస్తే ఎక్కడైనా ఒకటే వరుస.

నంబరును సేవ్ చేసిన ప్రతిసారీ పెంచితే సాయంత్రానికి ఇరవై ఫైళ్లు పోగవుతాయి, అసలు పెంచకపోతే మొదటి కథే. మేము పెట్టుకున్న గీటురాయి ఒక్కటే: ఆ ఫైలు మన బల్ల దాటి మరొకరి చేతికి వెళ్లిందా? వాట్సాప్‌లో పంపినా, ప్రింటు తీసి ఇచ్చినా, వెళ్లిన క్షణం నుంచి ఆ నంబరు గడ్డకట్టినట్లే. ఆ తరువాత ఒక్క కామా మార్చాలన్నా ముందు "సేవ్ యాజ్"తో తరువాతి నంబరు పెట్టి, ఆపైనే మార్పు చేయాలి. బల్ల దాటనంత వరకు ఎన్నిసార్లు దిద్దినా నంబరు అదే. ఇలా చేస్తే పార్టీ ఫోను చేసి "మూడో పేజీలో తూర్పు హద్దు తప్పుంది" అన్నప్పుడు, "మీ దగ్గర ఉన్నది ఎన్నో నంబరు?" అని అడగగానే ఇద్దరూ ఒకే కాగితం చూస్తున్నారో లేదో తేలిపోతుంది.

`final` అనే మాటను చిత్తు పేరులో పూర్తిగా నిషేధించాము. సంతకం పడే వరకు ఏ చిత్తూ చివరిది కాదు, సంతకం పడిన తరువాత అది చిత్తు కాదు. మా దగ్గర దానికి బదులు చివర్లో వచ్చే మాటలు `signed`, `reg` రెండే, అవి రెండూ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లకే పడతాయి.

మొదట చెప్పిన 33 అంకణాల పని ఈ పద్ధతిలో జరిగి ఉంటే ఫోల్డరు ఇలా ఉండేది.

```
1994-06-20_kraya_214-2A_link.pdf
2024-03-11_kraya_214-2A_v01.docx
2024-03-11_kraya_214-2A_v02.docx
2024-03-11_kraya_214-2A_v03.docx
2024-03-13_ec_214-2A_1994-2024.pdf
2024-03-22_ec_214-2A_1994-2024.pdf
2024-03-22_kraya_214-2A_signed.pdf
2024-04-03_kraya_214-2A_reg.pdf
```

పై నుంచి కిందికి చదివితే పని ఎలా నడిచిందో తెలుస్తుంది. పాత లింకు దస్తావేజు అన్నిటికంటే ముందు ఉంది. మార్చి 11న పని మొదలైంది. మొదటి చిత్తు కొనేవారికి వెళ్లింది, వారు చెప్పిన హద్దుల సవరణతో రెండవది అమ్మేవారికి వెళ్లింది, వారు 30 కాదు 33 అంకణాలని చెప్పిన తరువాత మూడవది తయారైంది. సంతకాల రోజున ఈసీ మరోసారి తీసుకున్నట్లు కూడా కనబడుతోంది. ప్రింటు తీయవలసినది `v03` అని చెప్పడానికి ఫైలు తెరవవలసిన పని లేదు, పోల్చి చూస్తూ `v02`ను పొరపాటున సేవ్ చేసినా దాని స్థానం మారదు. తేదీ, సర్వే నంబరు ఫోల్డరు పేరులో ఉండగా ఫైలు పేరులో మళ్లీ ఎందుకంటే, వాట్సాప్‌లో వెళ్లేది ఫైలే తప్ప ఫోల్డరు కాదు. పార్టీ ఫోనులో అది ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తన సంగతి తాను చెప్పుకోగలగాలి.

పని అంతా ముగిసిన తరువాత `v01` నుంచి ఉన్న చిత్తులన్నిటినీ అదే ఫోల్డరులో `zz_chittulu` అనే లోపలి ఫోల్డరులోకి జరుపుతాము. ముందు `zz` ఉండడం వల్ల ఫోల్డర్ల వరుసలో అది చివరకు పోతుంది. వాటిని తుడిచేయము, హద్దుల మాట ఎవరు ఎప్పుడు మార్చమన్నారన్న ప్రశ్న ఆరు నెలల తరువాత కూడా రావచ్చు.

ప్రింటు మీద కూడా నంబరు పడాలి

కాగితం మీదికి వచ్చేసరికి ఫైలు పేరు మాయమవుతుంది, బల్ల మీద రెండు చిత్తులు కలిసిపోతే ఇంతసేపు పడిన శ్రమ వృథా. వర్డ్‌లో పేజీ అడుగు భాగంలో కర్సరు పెట్టి `Insert`, `Quick Parts`, `Field` వరుసగా ఎంచుకుని, జాబితాలో `FileName`ను తీసుకుంటే ప్రతి పేజీ కింద ఫైలు పేరు పడుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. "సేవ్ యాజ్" చేసి పేరు మార్చినంత మాత్రాన ఆ పేరు వెంటనే మారకపోవచ్చు, `v03`లో కూడా `v02` అనే కనబడుతుండవచ్చు. ఆ పేరు మీద కర్సరు పెట్టి `F9` నొక్కితే సరిపోతుంది. స్టాంపు కాగితం మీద ప్రింటు తీసే ముందు మాత్రం ఈ అడుగు వరుసను తీసేయాలి, దస్తావేజులో దానికి చోటు లేదు.

పాత ఫైళ్ల సంగతి

పాత ఫైళ్లన్నిటికీ ఒక ఆదివారం కూర్చుని పేర్లు మార్చాలనుకోకండి. ఈరోజు నుంచి వచ్చే పనులకు ఈ పద్ధతి పెట్టి, పాతవాటిలో మళ్లీ తెరవవలసి వచ్చిన ఫోల్డరును ఆ సందర్భంలోనే సరిచేస్తే చాలు. ఫైలు మీద `F2` నొక్కి పేరు మార్చి, ఎంటరుకు బదులు ట్యాబ్ నొక్కితే కర్సరు తరువాతి ఫైలు పేరుకు వెళ్తుంది, పది పదిహేను ఫైళ్లు ఇలా నిమిషాల్లో అయిపోతాయి.

వందల కొద్దీ ఫైళ్లు ఉండి, వాటికి సేవ్ అయిన తేదీ సరిపోతుందని మీకు ఖాయంగా తెలిస్తేనే కింది ఆదేశాన్ని వాడండి. మా వరకు అది అడంగల్ ప్రింట్లకు పనికివచ్చింది, తీసుకున్న రోజే వాటిని సేవ్ చేశాము కాబట్టి. వాట్సాప్‌లో వచ్చిన ఫైళ్లకు, పాత దస్తావేజుల స్కాన్లకు దీనిని వాడితే తప్పు తేదీలు పడతాయి. ఫోల్డరుకు ఒక కాపీ తీసుకుని, ఆ కాపీని తెరిచి, పైన ఉన్న అడ్రసు గడిలో `powershell` అని కొట్టి ఎంటరు నొక్కితే నల్లని లేదా నీలం రంగు కిటికీ వస్తుంది. అక్కడ ఇది కొట్టండి.

```
(Get-ChildItem *.pdf) | Rename-Item -NewName { $_.LastWriteTime.ToString("yyyy-MM-dd") + "_" + $_.Name } -WhatIf
```

చివర ఉన్న `-WhatIf` వల్ల పేర్లు ఇప్పుడే మారవు, ఏ పేరు ఏమవుతుందో చూపిస్తుంది అంతే. చదివి సరేననుకున్న తరువాత ఆ మాట తీసేసి మళ్లీ కొట్టాలి, అదీ ఒక్కసారే, రెండవసారి కొడితే ప్రతి పేరుకు ముందు తేదీ రెండుసార్లు పడుతుంది. `MM` పెద్ద అక్షరాల్లోనే ఉండాలి, చిన్న `mm` అంటే నిమిషాలు. చూపించిన జాబితాలో నెల ఉండవలసిన చోట 47 అని కనబడిందంటే కారణం అదే.